చందుర్తి చేలలో నేలకు దించిన జెండాలు

నేవీ డే వేడుకల సాయంత్రం, విశాఖ ఆర్కే బీచ్‌లో జనం ఎదురుచూసేది హెలికాప్టర్ల కోసం, కమాండోల కోసం, చీకటి పడ్డాక దీపాలతో మెరిసే యుద్ధనౌకల కోసం. వీటి మధ్యలో నేవీ బ్యాండు వచ్చి బీటింగ్ రిట్రీట్ చేస్తుంది. చాలామంది దాన్ని పాటల కార్యక్రమం అనుకుని ఆ కాసేపట్లో మొక్కజొన్న పొత్తులు కొనుక్కుంటారు. అసలు ఆ డప్పు మోతకు ఒకప్పుడు పక్కా పని ఉండేది. పొద్దు వాలింది, ఊళ్లోనో పొలాల్లోనో చెదిరిపోయిన సైనికులు శిబిరానికి తిరిగి రావాలి, ద్వారాలు మూస్తారు, రాత్రి కాపలా ఎక్కుతుంది అని చెప్పే సంకేతం అది. రిట్రీట్ అంటే ఇక్కడ ఓడి పారిపోవడం కాదు, గూటికి చేరడం. యూరప్ సైన్యాల్లో నాలుగు వందల ఏళ్ల కిందటే ఉన్న అలవాటు.

సైనిక సంప్రదాయాలను అర్థం చేసుకోవడానికి ఇది మంచి దారి. ఇవాళ అలంకారంలా కనిపించే ప్రతిదీ ఒకనాడు పనిముట్టే. పని అయిపోయినా వస్తువు మిగిలింది. ఎందుకు మిగిలింది, మిగిలినదాని మీద ఎవరి పేరు రాశారు, ఎవరి పేరు రాయలేదు అన్నదే అసలు కథ. ఆ కథలో ఒక ముఖ్యమైన అధ్యాయం విశాఖ రేవులోనే మొదలైంది.

ముందు డ్రమ్ముల సంగతి. పద్దెనిమిదో శతాబ్దపు యుద్ధం పొగలో జరిగేది. ఆనాటి తుపాకీమందు ఒక్కసారి పేలితే ఎదుట తెల్లటి తెర లేచేది. ఆ చప్పుడులో అధికారి గొంతు పక్కవాడికి కూడా వినపడదు. డ్రమ్ము మాత్రం వినపడుతుంది. నిద్ర లేవడానికి ఒక వరస, గుమిగూడడానికి ఒకటి, ముందుకు నడవడానికి ఒకటి, వెనక్కి రావడానికి మరొకటి. కొత్తగా చేరినవాడు తుపాకీ కంటే ముందు ఈ వరసలను చెవికి ఎక్కించుకోవాల్సి వచ్చేది. డ్రమ్ము కొట్టేవాళ్లలో చాలామంది పిల్లలే. మన ఊళ్లలో చాటింపు డప్పు విని జనం ఏ కబురో పోల్చుకున్నట్టే, పటాలం మొత్తం ఆ చప్పుడును బట్టి కదిలేది.

చెవికి డ్రమ్ము ఎలాగో కంటికి జెండా అలాగ. సైన్యంలో దాన్ని కలర్స్ అంటారు. ఉత్తరాదిలో నిషాన్ అంటారు. మన సిపాయిల నోట్లో కూడా నిషానే. కలర్స్ అంటే రంగులు కాదు. పటాలానికి ప్రభువు లేదా ప్రభుత్వం ఇచ్చిన పట్టు పతాకం. బ్రిటిష్ పదాతి పటాలానికి రెండు ఉండేవి, ఒకటి రాజు పేరిట, రెండోది పటాలం పేరిట. ఆ రోజుల్లో ఒక్కోటి దాదాపు ఆరు అడుగుల పొడవూ వెడల్పూ ఉండేది. అంత పెద్దది ఎందుకంటే పొగలో కనపడాలి కాబట్టి. వరస చెదిరితే సైనికుడు తల తిప్పి దాన్ని వెతుక్కుంటాడు, అది ఎక్కడుంటే అక్కడికి పరుగెత్తుతాడు. రాత్రి బసకు చేరేముందు దాన్ని వరసల మధ్యలో అందరికీ చూపిస్తూ తిప్పేవాళ్లు, రేపు గందరగోళంలో తమ జెండా ఏదో గుర్తుపట్టడానికి. లండన్‌లో ఏటా రాజు పుట్టినరోజు వేడుకగా జరిగే ట్రూపింగ్ ద కలర్ మూలం ఇదే.

ఇప్పుడు విశాఖకు వద్దాం. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం జరిగింది. ఫ్రెంచి సేనాని బుస్సీ విజయనగరం వైపు నిలబడ్డాడు, బొబ్బిలి కోట పడింది, ఆ వెంటనే తాండ్ర పాపారాయుడు విజయరామరాజును చంపాడు. ఈ కథ ఉత్తరాంధ్రలో బుర్రకథ విన్న ప్రతివారికీ తెలుసు. తర్వాతి రెండేళ్లలో జరిగింది అంతగా తెలియదు. అదే ఏడాది బుస్సీ విశాఖలోని ఇంగ్లీషు కంపెనీ స్థావరాన్ని పట్టుకున్నాడు. విజయరామరాజు తర్వాత గద్దెనెక్కిన ఆనంద గజపతిరాజుకు ఫ్రెంచివాళ్లతో చెడింది. బుస్సీ దక్షిణాదికి వెళ్లిన అదను చూసి ఆయన 1758లో విశాఖను ఫ్రెంచివాళ్ల చేతిలోంచి లాక్కున్నాడు, కలకత్తాలోని క్లైవుకు కబురు పంపాడు. క్లైవు కర్నల్ ఫోర్డ్ అనే అధికారిని ఓడల మీద పంపాడు. అయిదు వందల దాకా యూరోపియన్లు, రెండు వేల దాకా బెంగాల్ సిపాయిలు, కొన్ని ఫిరంగులు. ఆ దండు అక్టోబరులో విశాఖలో దిగింది.

ఇక్కడ ఒక చిన్న పక్కమాట. ఉత్తరాదిలో ఆ రోజుల్లో కంపెనీ సిపాయిని తిలంగా అనేవాళ్లు. మద్రాసు నుంచి మొదట వెళ్లిన సిపాయిల్లో తెలుగువాళ్లు ఉండడంతో తెలుగుదేశపు పేరే సిపాయికి మారుపేరైంది. బెంగాల్లో తిలంగాలు అనిపించుకున్న పటాలాలు ఇలా ఓడెక్కి అసలు తెలుగు గడ్డ మీదికే యుద్ధానికి వచ్చాయన్నమాట.

ఫోర్డ్‌కూ రాజుకూ డబ్బు దగ్గర పేచీలు వచ్చాయి, ప్రయాణం నత్తనడక నడిచింది. చివరికి డిసెంబరు మొదట్లో తుని దాటి పిఠాపురం దగ్గర చందుర్తి గ్రామ పరిసరాల్లో రెండు సేనలూ ఎదురుపడ్డాయి. అవతల ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్. అతని దగ్గరా అయిదు వందల దాకా యూరోపియన్లే, కాని సిపాయిలు ఆరు వేల దాకా, ఫిరంగులూ చాలా ఎక్కువ. ఇంగ్లీషువాళ్లు ఈ యుద్ధాన్ని తమ పలుకుబడిలో కాండోర్ అని రాసుకున్నారు.

ఫోర్డ్ తన యూరోపియన్లను మధ్యలో, సిపాయి పటాలాలను రెండు పక్కలా నిలబెట్టాడు. మధ్యలో ఉన్నవాళ్ల ఎదుట మనిషిని దాచేంత ఎత్తు పైరు ఉంది. ఫ్రెంచివాళ్లకు వాళ్లు కనపడలేదు. కనపడింది ఎడమ పక్కన ఎర్ర కోట్లు తొడుక్కున్న దళం. దక్షిణాదిలో ఫ్రెంచివాళ్లు అప్పటిదాకా చూసిన ఇంగ్లీషు సిపాయిలు తెల్ల బట్టల్లో ఉండేవాళ్లు. ఎరుపు అంటే యూరోపియన్లే అని వాళ్ల లెక్క. బెంగాల్ సిపాయిలకు ఎర్ర కోట్లు ఇస్తున్నారన్న సంగతి వాళ్లకు తెలియదు. కాన్‌ఫ్లాన్స్ తన యూరోపియన్ పటాలాన్ని ఏటవాలుగా నడిపి ఆ ఎర్ర కోట్ల మీదికి తోలాడు. ఎదుటివాడి అసలు బలాన్ని తన అసలు బలంతో కొడుతున్నానన్న నమ్మకం.

ఫోర్డ్ ఆ పొరపాటును పసిగట్టాడు. సిపాయి పటాలాల్లో పెద్ద జెండా కాక, లోపలి ఒక్కో చిన్న దళానికీ చిన్న జెండాలు ఉండేవి. అన్ని జెండాలు రెపరెపలాడుతుంటే అది సిపాయి దళమని దూరం నుంచే తెలిసిపోతుంది. అందుకని జెండాలన్నీ చుట్టేసి నేల మీద పెట్టమని ఆజ్ఞ ఇచ్చాడు. సైనికుడికి ప్రాణం కంటే మిన్న అని మనం ఇప్పుడు చెప్పుకునే వస్తువును ఆ రోజు చేలో పడుకోబెట్టారు. అందులో అవమానం ఏమీ లేదు. జెండా ఒక గుర్తు. గుర్తు పట్టించాల్సినప్పుడు ఎత్తాలి, పట్టించకూడదనుకుంటే దించాలి. జెండా మొదట పనిముట్టే అనడానికి ఇంతకంటే తేటైన ఉదాహరణ దొరకడం కష్టం.

తర్వాత జరిగింది చకచకా జరిగింది. ఫ్రెంచి యూరోపియన్ల దాడిని ఎడమ పక్క సిపాయిలు కాసేపు ఆపారు. ఆపలేక చెదిరి వెనక్కి పరుగెత్తారు. గెలిచేశామనుకుని ఫ్రెంచివాళ్లు వరస తప్పి వెంటపడ్డారు. సరిగ్గా అప్పుడు పైరు వెనక నుంచి ఇంగ్లీషు పటాలం పక్కకు తిరిగి బయటికి వచ్చి, వాళ్ల పార్శ్వం మీద దళం తర్వాత దళంగా కాల్పులు కురిపించింది. ఫ్రెంచి వరస విరిగిపోయింది, వాళ్లు తమ ఫిరంగుల దగ్గరికి పారిపోయారు, ఫిరంగులూ పోయాయి, సాయంత్రానికి శిబిరమూ పోయింది. కాన్‌ఫ్లాన్స్ రాజమండ్రి వైపు పరుగు తీశాడు. 1759 ఏప్రిల్‌లో ఫోర్డ్ మచిలీపట్నం కోటను రాత్రి దాడితో పట్టుకున్నాడు. ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచి వారి కథ అక్కడితో ముగిసింది.

గెలుపును ఎవరి ఖాతాలో వెయ్యాలి? ఇక్కడే యుద్ధ గౌరవం, అంటే బ్యాటిల్ ఆనర్, అనే పద్ధతి వస్తుంది. ఇది మెడల్ కాదు. మెడల్ మనిషికి ఇస్తారు, ఆ మనిషితో పోతుంది. యుద్ధ గౌరవం పటాలానికి ఇస్తారు. ఆ యుద్ధం జరిగిన చోటి పేరును జెండా మీద కుట్టుకునే హక్కు అది. పోరాడినవాళ్లంతా చనిపోయినా, రెండు వందల ఏళ్ల తర్వాత చేరిన కుర్రాడు కూడా ఆ పేరును తనదిగా చెప్పుకోవచ్చు. చందుర్తి నాటికి ఈ పద్ధతి ఇంకా ఊపందుకోలేదు. బ్రిటిష్ సైన్యంలో పేర్లు జెండా మీదికి ఎక్కడం ఆ తర్వాతి దశాబ్దాల్లో మెల్లగా అలవాటైంది. పాత యుద్ధాలకు చాలా కాలం తర్వాత వెనక్కి వెళ్లి గౌరవాలు ఇచ్చారు.

అలా కాండోర్, మచిలీపట్నం అనే రెండు తెలుగు నేల పేర్లు కంపెనీ వారి బెంగాల్ యూరోపియన్ పటాలానికి దక్కాయి. 1857 తిరుగుబాటు తర్వాత కంపెనీ పోయి రాణి పాలన వచ్చింది, ఆ పటాలం బ్రిటిష్ సైన్యంలో కలిసింది. 1881లో పేరు మారి రాయల్ మన్‌స్టర్ ఫ్యూజిలియర్స్ అయింది. దాని కేంద్రం ఐర్లండ్‌లోని ట్రాలీ పట్టణం. అంటే ఐర్లండ్ పల్లెల నుంచి చేరిన కుర్రాళ్లు పరేడ్‌లో సెల్యూట్ చేసిన జెండా మీద పిఠాపురం పక్క ఊరి పేరు, మన మచిలీపట్నం పేరు ఉండేవి. వాళ్లలో ఎంతమందికి ఆ ఊళ్లు ఎక్కడున్నాయో తెలుసు అంటే, బహుశా చాలా తక్కువమందికి.

ఆ రోజు జెండాలు నేల మీద పెట్టి, మొదటి దెబ్బ కాచుకున్న సిపాయిల సంగతి వేరు. వాళ్లు బెంగాల్ సైన్యంలోని దేశీ పటాలాలు. 1857 నాటికి ఆ సైన్యంలో 74 దేశీ పదాతి పటాలాలు ఉండేవి. తిరుగుబాటు, నిరాయుధీకరణ, రద్దు అన్నీ అయ్యాక కొత్త సైన్యంలోకి వచ్చినవి డజను దాకా మాత్రమే. పటాలం రద్దయితే దాని గౌరవం కూడా గాల్లో కలుస్తుంది. గౌరవం మనుషులది కాదు, సంస్థది కాబట్టి. ఆనంద గజపతిరాజు వెంట వచ్చిన వేలమందికి అసలు అలాంటి ఖాతాయే లేదు. ఓడిన వైపు సిపాయిల మాట చెప్పనక్కరలేదు, ఓటములను ఏ సైన్యమూ జెండా మీద కుట్టుకోదు. యుద్ధ గౌరవాల పట్టికను చరిత్రగా చదివేవాళ్లు ఈ సంగతి మరిచిపోకూడదు. అది బతికి మిగిలిన సంస్థలు దాచుకున్న జ్ఞాపకం.

బతికి మిగలడం కూడా శాశ్వతం కాదు. ఐర్లండ్ చాలా భాగం విడిపోయాక 1922లో మన్‌స్టర్ పటాలాన్నీ మరికొన్ని ఐరిష్ పటాలాలనూ రద్దు చేశారు. ఆ జూన్‌లో విండ్సర్ కోటలో ఆ పటాలాల వాళ్లు వరసగా నిలబడి తమ జెండాలను రాజుకు అప్పగించారు. వాటిని భద్రంగా దాస్తానని రాజు మాట ఇచ్చాడు. రాజు ఇచ్చిన జెండాలను రాజుకే తిరిగి ఇచ్చేశారు. పటాలం చనిపోయినప్పుడు జరిగే అంత్యక్రియ అలాగే ఉంటుంది.

గౌరవాలు ఇచ్చే పద్ధతిలో లెక్కలు కూడా ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో పెట్టిన నియమం ప్రకారం, ఒక యుద్ధం గౌరవం కావాలంటే పటాలం ప్రధాన కార్యాలయమూ, బలగంలో కనీసం సగమూ అక్కడ ఉండి ఉండాలి. వచ్చిన వాటన్నిటినీ జెండా మీద కుట్టడానికి చోటు చాలదు కాబట్టి ఆ యుద్ధం నుంచి పది పేర్లు ఎంచుకోమన్నారు. ఏ పది అన్న దాని మీద పటాలాల కమిటీలు తల బద్దలు కొట్టుకున్నాయి. వేలమంది చనిపోయిన చోటు పట్టు గుడ్డ మీద చోటు చాలక పక్కకు తప్పుకోవడం అంటే, ఆ పటాలంలో తమ్ముణ్నో కొడుకునో పోగొట్టుకున్న ఇంటికి ఎలా ఉంటుందో ఊహించవచ్చు.

ఇంతకూ జెండాలు యుద్ధరంగం నుంచి ఎప్పుడు తప్పుకున్నాయి? తుపాకీ మెరుగైనప్పుడు. చందుర్తి నాటి మస్కెట్ గుండు వంద గజాలు దాటితే గురి ఉండేది కాదు. పందొమ్మిదో శతాబ్దం మధ్యకల్లా వచ్చిన రైఫిళ్లు ఎన్నో రెట్లు దూరం నుంచి గురి తప్పకుండా కొట్టేవి. అంతవరకూ మనవాళ్లకు దారి చూపిన ఆరు అడుగుల పట్టు గుడ్డ ఇప్పుడు శత్రువుకు గురి చూపించడం మొదలుపెట్టింది. పైగా దాన్ని కాపాడడానికి మంచి సైనికులు చుట్టూ గుంపుగా నిలబడేవాళ్లు, ఆ గుంపే మంచి లక్ష్యం.

జెండాను కాపాడడమే అసలు పని అయిపోతే ఏమవుతుందో 1879 జనవరి 22న దక్షిణాఫ్రికాలోని ఇసాండ్ల్వానాలో కనిపించింది. జులూ సేన చేతిలో బ్రిటిష్ శిబిరం తుడిచిపెట్టుకుపోతుంటే, 24వ పటాలం అధికారి మెల్విల్ రాణి జెండాను గుర్రం మీద పెట్టుకుని తప్పించుకున్నాడు. పొంగుతున్న బఫెలో నదిలో అది చేయి జారింది. అప్పటికే ఒడ్డు చేరిన మరో అధికారి కోగిల్ అతని కోసం నీళ్లలోకి తిరిగొచ్చాడు. ఇద్దరూ అవతలి ఒడ్డున చనిపోయారు. కొద్ది రోజులకు జెండా నదిలో దొరికింది. 1907లో ఇద్దరికీ మరణానంతరం విక్టోరియా క్రాస్ ఇచ్చారు. వాళ్ల ధైర్యాన్ని శంకించనక్కరలేదు. కాని చందుర్తిలో ఫోర్డ్ చేసినదాని పక్కన ఇది పెట్టి చూస్తే, నూట ఇరవై ఏళ్లలో పనిముట్టు ఎలా ప్రతిమగా మారిందో తెలుస్తుంది. 1881 జనవరిలో అదే దక్షిణాఫ్రికాలో లైంగ్స్ నెక్ దగ్గర 58వ పటాలం మోసుకెళ్లిన జెండాలే బ్రిటిష్ వారు పోరులోకి తీసుకెళ్లిన చివరివి. మరుసటేడు నుంచి యుద్ధానికి జెండాలు తీసుకెళ్లడం మానేశారు.

రైఫిల్ పటాలాలు ఇంకా ముందే మేల్కొన్నాయి. వాళ్లు వరసలో నిలబడి పోరాడేవాళ్లు కారు, చెట్లచాటున, పొదలచాటున చెదిరి కాల్చేవాళ్లు. ముదురు ఆకుపచ్చ బట్టలేసుకుని దాక్కునే మనిషికి జెండా ఎందుకు? అందుకే బ్రిటిష్ రైఫిల్ పటాలాలకు కలర్స్ లేవు. మరి గౌరవాలు ఎక్కడ రాసుకోవాలి? డ్రమ్ముల మీద. డ్రమ్ము గుల్ల మీద పటాలం చిహ్నం, దాని చుట్టూ చుట్టుకున్న పట్టీల్లో ఒక్కో యుద్ధం పేరు రంగుతో రాస్తారు. జెండా ఉన్న పటాలాలు కూడా డ్రమ్ములను ఇలాగే అలంకరిస్తాయి. డ్రమ్మర్ దాన్ని తోలు పట్టీతో మెడకు తగిలించుకుంటాడు. నడుస్తుంటే తొడకు రాసుకుని రంగు చెక్కుకుపోకుండా జాగ్రత్త పడాలి. కొత్త జెండాను ప్రతిష్ఠించే పరేడ్‌లో డ్రమ్ములను మైదానం మధ్యలో ఒకదాని మీద ఒకటి పేర్చి, వాటి మీద జెండాను పరుస్తారు. యుద్ధరంగంలో గుడి ఉండదు కాబట్టి డ్రమ్ములే పీఠం. మన సైన్యంలో ఆ పీఠం చుట్టూ పూజారి, మౌల్వీ, గ్రంథీ, పాదిరి నిలబడి వంతుగా ప్రార్థన చేస్తారు. ఆ తర్వాతే జెండాను ఎత్తి అందిస్తారు.

సైనికుడికి ఇదంతా ఏమిటి? మన సైన్యంలో బాగా వినిపించే మాట ఒకటుంది: నామ్, నమక్, నిషాన్. నామ్ అంటే పటాలం పేరు. నమక్ అంటే తిన్న ఉప్పు. నిషాన్ అంటే ఈ జెండా. మద్రాస్ రెజిమెంట్‌లో చేరిన తెలుగు కుర్రాడు నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో శిక్షణ ముగించాక కసమ్ పరేడ్ రోజున జెండా సమక్షంలో ప్రమాణం చేస్తాడు. ఆ తర్వాత ఏ యూనిట్‌కు వెళ్లినా, ఆ యూనిట్ గెలిచిన యుద్ధం పేరిట ఏడాదికోసారి ఒక రోజు వస్తుంది. పొద్దున గుడిలోనో సర్వధర్మ స్థలంలోనో పూజ, చనిపోయినవాళ్ల పేర్లు చదవడం, సాయంత్రం బడాఖానా. బడాఖానాలో అధికారులు, జవాన్లు ఒకే చోట తింటారు. జవాన్లకు అధికారులు వడ్డించడం కూడా మామూలే.

తుపాకీ పేలే క్షణంలో జవాను జెండా గురించి ఆలోచిస్తాడా? ఆలోచించడు. పక్కనున్న నలుగురి గురించి ఆలోచిస్తాడు, వాళ్ల ముందు పరువు పోకూడదని ఆలోచిస్తాడు. యుద్ధం చూసొచ్చినవాళ్లు ఏ దేశంలోనైనా ఇంచుమించు ఇదే చెబుతారు. అయితే ఆ నలుగురు చనిపోతారు, బదిలీ అవుతారు, రిటైరవుతారు. వాళ్ల స్థానంలో ముఖపరిచయం లేని నలుగురు వస్తారు. నిన్న వచ్చినవాడిని కూడా మనవాడే అనుకునేలా చేయడమే ఈ జెండాల, రోజుల, నినాదాల పని. మద్రాస్ రెజిమెంట్ వీర మద్రాసీ, అడి కొల్లు అడి కొల్లు, అంటే కొట్టు చంపు, అనే కేకను తెలుగు కుర్రాడు, తమిళ కుర్రాడు, మలయాళీ కుర్రాడు ఒకే గొంతుతో అరుస్తారు. ఆ కేక తెలుగు కుర్రాడికి పరాయి భాషది అని ఎవరికీ గుర్తుండదు.

ఇందులో చిక్కు లేకపోలేదు. స్వాతంత్ర్యం వచ్చాక మన సైన్యానికి ఒక విచిత్రమైన సమస్య ఎదురైంది. పాత పటాలాల జెండాల మీద పేర్లలో ఎన్నో ఇంగ్లీషు కంపెనీ కోసం భారతీయుల మీదే గెలిచిన యుద్ధాలవి. టిప్పు సుల్తాన్ మీద శ్రీరంగపట్నం, మరాఠాల మీద అసాయి, అలాంటివి. 1950లో రాజు పేరిట ఉన్న పాత జెండాలను డెహ్రాడూన్‌లోని మిలిటరీ అకాడమీ చెట్‌వుడ్ హాల్లో భద్రపరిచారు, రాష్ట్రపతి పేరిట కొత్తవి ఇవ్వడం మొదలుపెట్టారు. దేశవాసుల మీద గెలిచిన గౌరవాలను వేడుక చేసుకోకూడదని పక్కన పెట్టారు. మద్రాస్ రెజిమెంట్ ఇప్పుడు చెప్పుకునేవి 1948 టిథ్వాల్, 1965 కాలిధార్, మహారాజ్‌కే వంటివి.

కాని జ్ఞాపకాన్ని అలా కత్తిరిస్తే చక్కగా తెగదు. 1803లో అసాయి దగ్గర గెలిచినందుకు మద్రాస్ పటాలాలకు ఇచ్చిన చిహ్నం ఏనుగు. అసాయి పేరు ఇప్పుడు జెండా మీద లేదు. ఏనుగు మాత్రం మద్రాస్ రెజిమెంట్ టోపీ బ్యాడ్జి మీద ఇప్పటికీ ఉంది. జవాన్లకు అది తమ పటాలం ఏనుగు, అంతే. దాన్ని తీసేయాలా వద్దా అనే చర్చలో ఇరువైపుల వాదనలోనూ బలం ఉంది. అయితే గుర్తు మూలాన్ని దాటి ఎలా బతుకుతుందో చూపించడానికి ఆ ఏనుగు చాలు. మహారాష్ట్రలో 1818 నాటి భీమా కోరెగావ్ స్తంభం దగ్గరైతే కథ ఇంకో మలుపు తిరిగింది. కంపెనీ తన గెలుపు కోసం కట్టుకున్న స్తంభం పేష్వాల కులవ్యవస్థను ఎదిరించిన మహర్ సైనికుల గుర్తుగా మారి, ప్రతి జనవరి 1న లక్షలమందిని రప్పిస్తోంది. ఒకరికి పక్కన పెట్టాల్సిన గౌరవం, మరొకరికి అదే ఆత్మగౌరవం.

విశాఖ పరేడ్‌లలో కనిపించే జెండా నేవీది. నేవీకి పటాలాలు ఉండవు, కాని 1951లో మూడు దళాల్లో మొదటగా రాష్ట్రపతి కలర్స్ అందుకున్నది నేవీయే. ఆ జెండాలకూ వలస కాలపు నీడ తప్పలేదు. నౌకల మీద ఎగిరే పతాకంలోని సెయింట్ జార్జ్ శిలువ గీతను 2022 సెప్టెంబరులో తీసేశారు. అంతకు అయిదేళ్ల ముందు, 2017 డిసెంబరు 8న, జలాంతర్గామి విభాగానికి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ విశాఖలోనే ఆ విభాగానికి కలర్స్ అందించారు. మొదటి కల్వరి జలాంతర్గామి 1967లో సరిగ్గా అదే తేదీన నేవీలో చేరింది.

ఆ కలర్స్‌ను జలాంతర్గామి మోయదు. అది ఒడ్డునే ఉంటుంది, పరేడ్ రోజున తెల్ల చేతిజోళ్లు తొడుక్కున్న అధికారి చేతిలో, రెండు పక్కలా కాపలాతో బయటికి వస్తుంది. బీచ్‌లో మ్యూజియంగా నిలబెట్టిన కుర్సురాలోకి వెళ్లినవాళ్లకు లోపల ఎంత ఇరుకో తెలుసు, పడకల పక్కనే టార్పెడోలు, తల వంచకుండా ఒక గది నుంచి మరో గదికి వెళ్లలేం. పైకి తేలి రేవులో ఉన్నప్పుడు అలాంటి పడవ మీద కూడా జెండా ఎగురుతుంది. మునిగే ముందు మాత్రం దాన్ని దించి, చుట్టి, లోపల పెట్టేస్తారు. చందుర్తి చేలో సిపాయిలు చేసిందీ అదే.